యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నాకే బ్యాంకుకు రాయాలా?

నీలిగోరింట: పిన్ కొట్టి లాగిన్ కాగానే బ్యాంకు యాప్ మూసుకుపోతోంది. సపోర్టుకు "యాప్ పనిచేయట్లేదు, ఫోన్ కొత్తదే, త్వరగా చూడండి" అని రాసి ఉంచాను, ఇంకా పంపలేదు. ముందు యాప్ తీసేసి మళ్లీ వేసుకోమంటున్నారు. ఏది ముందు?

ఈతచెట్టు: తీసేసి వేసుకోండి. మీరు రాసినా వాళ్ల మొదటి జవాబు అదే. ఓ రోజు కలిసొస్తుంది.

గడియారంముల్లు: అడుగుతారన్నది నిజమే. కానీ యాప్ తీసేస్తే ఫోన్ రిజిస్ట్రేషన్ కూడా పోతుంది. మళ్లీ నమోదు చేసుకునేటప్పుడు ఎస్సెమ్మెస్ దగ్గర ఆగిపోతే రెండు సమస్యలవుతాయి. ముందు రాయండి, కానీ ఇలా:

"ఆండ్రాయిడ్ 14. యాప్ వెర్షన్ 5.2.1. ఈ ఉదయం 9:42కి పిన్ తీసుకుంది, ఖాతా పేజీ ఓ క్షణం కనిపించి యాప్ మూసుకుపోయింది. ఎర్రర్ మెసేజ్ ఏదీ రాలేదు. వైఫైలోనూ, మొబైల్ డేటాలోనూ అంతే. నిన్న ఫోన్ అప్‌డేట్ అయింది. వెబ్‌సైట్‌లో లాగిన్ అవుతోంది."

దీనికి మోడల్ నంబర్, సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చేర్చండి. రెండూ సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ కింద వెతకండి. పెట్టె మీది పేరు చాలదు, ఒకే పేరుతో వేర్వేరు మోడళ్లు ఉంటాయి. టైము నిమిషంతో సహా ఇస్తే, లాగిన్ సర్వర్ దాకా చేరిందో లేదో వాళ్ల లాగ్‌లో వెతకడం తేలిక. పిన్, ఓటీపీ మాత్రం ఎవరడిగినా రాయొద్దు.

చిలకపచ్చ: నాకూ ఇదే! ఓటీపీ రానే రాదు.

గడియారంముల్లు: మీది లాగిన్‌కి ముందు ఆగుతోంది, అది వేరే సంగతి.

ఈతచెట్టు: ఎర్రర్ మెసేజ్ రాకపోతే తేడా ఏమిటి?

గడియారంముల్లు: యాప్ నిజంగా కూలితే ఆండ్రాయిడ్ చాలాసార్లు "ఆగిపోయింది" అని చూపిస్తుంది. ఏమీ చూపకుండా హోమ్ స్క్రీన్‌కి వచ్చేస్తే, యాప్ తనంతట తానే మూసుకుందేమో అనుమానించాలి. డెవలపర్ ఆప్షన్స్, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్‌లో ఉన్నా, స్క్రీన్ చదివే యాప్‌కి యాక్సెసిబిలిటీ అనుమతి ఇచ్చినా కొన్ని బ్యాంకు యాప్‌లు ఒప్పుకోవు. అవి ఆన్‌లో ఉన్నాయో లేదో కూడా రాయండి. సమస్యను స్క్రీన్ రికార్డ్ చేస్తే నల్లగా రావచ్చు, చాలా బ్యాంకు యాప్‌లు ఆ పేజీలను దాచేస్తాయి. ఇంకో ఫోన్‌తో తీయండి, ఖాతా నంబరు కప్పేసి పంపండి.

ఈతచెట్టు: 2021 మార్చిలో, యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే వెబ్‌వ్యూ అప్‌డేట్ తేడా చేసి బోలెడు యాప్‌లు కూలాయి. అప్పుడు బ్యాంకుకు రాస్తే ఏం లాభం? వెబ్‌వ్యూ అప్‌డేట్ చేస్తే సరిపోయింది.

గడియారంముల్లు: ఆ ఒక్కటీ ముందే చూడొచ్చు, దాంతో పోయేదేమీ లేదు.

ఈతచెట్టు: మరి సెట్టింగ్స్‌లో యాప్ తాత్కాలిక ఫైళ్ల క్యాష్ క్లియర్ చేస్తే రిజిస్ట్రేషన్ పోదుగా. అదీ ముందే చేయమంటాను.

గడియారంముల్లు: క్యాష్ వరకు సరే. పక్కనే ఉన్న క్లియర్ స్టోరేజ్ నొక్కితే మాత్రం తీసేసినట్టే.

నీలిగోరింట: యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్‌లోనే ఉంది. ఆపి చూశాను, అయినా మూసుకుపోతోంది. అదీ రాసి పంపుతున్నాను.