అప్‌డేట్: మంచు దేశపు గుడికి అలంపురం నమూనా

నా ప్రశ్న: "కెనడాలో మనవాళ్లు కట్టే గుడికి నక్షా గీస్తున్నాను. సున్నాకు 30 డిగ్రీల దిగువ చలిలో ఆరుబయట ప్రదక్షిణ ఎలా?"

మహబూబ్‌నగర్ నుంచి అలంపురం వెళ్లి చూశాక దారి దొరికింది. అక్కడి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాల్లో చాలావాటికి ప్రదక్షిణ పథం గర్భగుడి గోడకూ బయటి గోడకూ మధ్య, కప్పు కిందనే ఉంటుంది కనుక మేమూ అదే పద్ధతి తీసుకుని, చక్రాల కుర్చీ తిరిగేలా వెడల్పును మీటరున్నరకు పెంచి, బయటి గోడకు చలి ఆపే పొర వేశాము.

చిక్కు గడపతో వచ్చింది. లోపలికీ బయటికీ ఒకే రాయి సాగితే దాని గుండా చలి లోపలికి పాకి, గది గాలిలోని తేమ రాతి లోపలి అంచున తెల్లటి మంచుగీతలా పేరుకుంటుంది, అడుగు జారుతుంది. అందుకే రాతిని రెండు ముక్కలుగా కోయించి, మధ్యన వేడిని ప్రసరింపనివ్వని గట్టి పట్టీ పెట్టించాము. కెనడా నిబంధన ప్రకారం ఈ గడప ఎత్తు 13 మిల్లీమీటర్లు దాటలేదు.

పసుపు కుంకుమలు దిద్దే ఎత్తైన గడప, అర్చకులు మాత్రమే దాటే గర్భగుడి ద్వారం దగ్గర, వెచ్చని చోట, అఖండ శిలగానే నిలిచింది.