అప్‌డేట్: 10, 20, 30 సెకన్ల ఫొటోలను పోల్చి చూశాను

నా ప్రశ్న: "18 ఎం.ఎం. లెన్సుతో 30 సెకన్లు ఇస్తే చుక్కలు గీతలవుతున్నాయి, 10 సెకన్లు ఇస్తే ఫొటో చీకటిగా వస్తోంది. ఏది మేలు?"

కళింగపట్నం తీరంలో, దీపస్తంభానికి వీపు పెట్టి, ఐఎస్ఓ 1600 మార్చకుండా మూడూ తీశాను. కెమెరా 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ రకం. ఓరియన్ నడుము చుక్కలను పూర్తిగా పెద్దవి చేసి చూస్తే, 10 సెకన్లలో సుమారు 3 పిక్సెళ్లు, 20లో 7, 30లో 10 పిక్సెళ్ల మేర సాగాయి. కెమెరాను ఉత్తరానికి తిప్పి అంతే 30 సెకన్లు ఇచ్చి విడిగా తీసిన ఫొటోలో ధ్రువ నక్షత్రం మాత్రం దాదాపు చుక్కగానే నిలిచింది. మన శ్రీకాకుళం జిల్లాలో అది 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కనుక సముద్రపు తేమలో మసకగా కనిపించింది.

నన్ను ఆశ్చర్యపరచినది వెలుగు. 30 సెకన్లలో ఆకాశపు నేపథ్యం మూడింతలు తెల్లబడింది గాని, జరుగుతున్న చుక్క కాంతి కొత్త పిక్సెళ్లపైకి పరచుకుపోవడం వల్ల మసక చుక్కల వెలుగు అంతగా పెరగలేదు. 10 సెకన్ల ఫొటోను కంప్యూటరులో వెలిగిస్తే గరుకుతనం బయటపడింది. అందుచేత 10 సెకన్లవి తొమ్మిది తీసి, చుక్కలను ఒకదానిపై ఒకటి సరిపెట్టి సగటు తీయగా, గరుకుతనం సుమారు మూడో వంతుకు తగ్గింది, చుక్కలూ ఆ 3 పిక్సెళ్లకు మించి సాగలేదు. అయితే ఒడ్డునున్న పడవలు మాత్రం చెదిరిపోయినందున, వాటిని ఒకే ఫొటో నుంచి తెచ్చి అతికించవలసి వచ్చింది.