రాజీ కాగితంలో ‘తన గట్టు’ ఎవరిది?

దస్తావేజు లేఖరి, రాజోలు: గట్టు తగాదా ఒకటి పెద్దల దగ్గర తేలాక రాజీ కాగితం నేను రాశాను. పేర్లు మార్చి ఆ వాక్యం ఇక్కడ పెడుతున్నాను: ‘వెంకన్న, సూర్యం తన గట్టు తెంపాడని చెప్పాడు.’ తెగినది వెంకన్న గట్టే. అయితే సంతకాల వేళ సూర్యం తమ్ముడు కాగితం చదివి, ‘మా అన్న తన గట్టే తెంపాడని మీరే రాశారు కదండీ, ఇంక నష్టం ఎందుకు కట్టాలి?’ అన్నాడు. ‘తన’ అనడం తప్పా? ‘తను’, ‘తాను’ అని మార్చితే సరిపోతుందా?

డిగ్రీ విద్యార్థి, ముమ్మిడివరం: ‘తన’ ఎప్పుడూ దగ్గరి కర్తకే చెందుతుందండి. ఇక్కడ దగ్గరి కర్త సూర్యం కాబట్టి తమ్ముడి మాటే సరైనది.

విశ్రాంత తెలుగు పండితుడు, అమలాపురం: దగ్గరి కర్తకు చెందవచ్చు, కాని దూరపు కర్తకూ చెందుతుంది. వెంకన్న నోటి మాటగా తిప్పి చూడండి. అతడు ‘సూర్యం నా గట్టు తెంపాడు’ అని ఉండవచ్చు, ‘సూర్యం తన గట్టు తెంపాడు’ అనీ ఉండవచ్చు. పరోక్షంగా చెప్పినప్పుడు ఆ ‘నా’ కూడా ‘తన’గా మారుతుంది కనుక రెండూ ఒకే వాక్యమై కూర్చుంటాయి. సూర్యం సొంత గట్టే అయితే మనం సహజంగా ‘తన గట్టు తెంపుకున్నాడని’ అంటాం. ఆ ‘కొను’ పని చేసినవాడి వైపే లాగుతుంది. మీ కాగితంలో అది లేకపోవడం వెంకన్నకు అనుకూలమే, కాని తగాదా తీర్చేటంత బలమైన సాక్ష్యం కాదు. ‘తన గట్టు సూర్యం తెంపాడని వెంకన్న చెప్పాడు’ అని ‘తన’ను ముందుకు తెస్తే మొగ్గు ఇంకా పెరుగుతుంది. దస్తావేజులో మాత్రం మొగ్గును నమ్మకుండా ‘వెంకన్న గట్టు’ అని పేరే రాయండి.

గృహిణి, పాలకొల్లు: మా కోడలు మా అబ్బాయిని ‘తను’ అంటుంది. ‘తను ఇంకా రాలేదత్తయ్యా’ అంటే ఎవరో అనుకుని వీధి గుమ్మం వైపు చూసేదాన్ని. ఇది తప్పు తెలుగు కాదూ?

లేఖరి: అమ్మగారి మాటతో ఇంకో వాక్యం గుర్తొచ్చింది. ‘తను గట్టు తెంపలేదని సూర్యం అన్నాడు’ అనీ రాశాను.

పండితుడు: అక్కడ ‘తాను’ అని దీర్ఘంతోనే రాయండి. ‘తాను కడతానని’ అంటే క్రియే ఆ మాట సూర్యానిదని చెబుతుంది. ‘తను కడతాడని’ అంటే వేరొకరని తెలుస్తుంది. ‘తెంపలేదు’ మాత్రం నేను, అతడు, ఆమె అందరికీ ఒక్కటే కనుక క్రియ సాయం అందదు. అప్పుడు హ్రస్వంతో ‘తను’ అంటే సూర్యమూ కావచ్చు, మీ కోడలుగారి వాడుకలోలాగా మూడో మనిషీ కావచ్చు. ఆ వాడుకను నేను రాతలో ఒప్పుకోనమ్మా.

విద్యార్థి: మేమందరం అలాగే రాస్తున్నామండి. ‘అతను’, ‘ఆమె’ అంటే దూరంగా ఉంటుంది, ‘వాడు’ అంటే మరీ చనువు. మధ్యలో వేరే మాట ఏదండి?

లేఖరి: ఆ మాట తేలేలోగా నేను రెండు చోట్లా పేర్లు పెట్టి కాగితం తిరగరాస్తాను. ముద్ర కాగితం ఖర్చు నాదే.