మొదటి పేజీ రెండర్‌కా, సెక్షన్‌కా?

నీలిగీత: బీఆర్క్ ఐదో ఏడు చదువుతున్నాను. బయటి దేశంలో మాస్టర్స్‌కి అప్లై చేస్తున్నా. పోర్ట్‌ఫోలియో ఏ4లో 20 పేజీలు, 10 ఎంబీ దాటకూడదట. నా దగ్గర ఉన్నవి: మంగళగిరి చేనేత కేంద్రం (థీసిస్), హౌసింగ్, మ్యూజియం, రెండో ఏట చేసిన బస్ షెల్టర్, కోనసీమలో మండువా లోగిలి కొలతల డ్రాయింగులు. అన్నీ పెట్టాలా? ముందు ఏ బొమ్మ?

రంగులపెట్టె: ఐదూ పెట్టేయండి. చూసేవాళ్లకి కావాల్సింది వెరైటీ. ఫొటోగ్రఫీ, పెన్సిల్ స్కెచ్‌లు ఉంటే అవీ వేయండి. మొదటి పేజీలో మాత్రం మ్యూజియం సాయంత్రపు రెండర్. చూడగానే ఆగిపోవాలి.

నీలిగీత: మ్యూజియానివి నాలుగు రెండర్లున్నాయి, నాలుగూ సాయంత్రపువే 😅

పాతజ్యూరీ: వెరైటీ కావాలన్నది నిజమే. కానీ అది ప్రాజెక్టుల సంఖ్యలో ఉండదు, బొమ్మల రకంలో ఉంటుంది. ఒకటి ఆలోచన పుట్టిన స్కెచ్, ఒకటి ప్లాన్, ఒకటి సెక్షన్, ఒకటి చేత్తో కట్టిన మోడల్ ఫొటో. ఒక్కో బొమ్మా పక్కది చెప్పనిది చెప్పాలి. నాలుగు సాయంత్రాలూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి ఒకటి ఉంచి మూడు తీసేయండమ్మా. అనుమానముంటే పేజీలన్నీ తపాలా బిళ్ల సైజులో ఒకే స్క్రీన్ మీద పరిచి చూడండి. కవలల్లా కనబడే పేజీలు వెంటనే దొరికిపోతాయి.

మొదటి పేజీకి నా ఓటు థీసిస్ సెక్షన్‌కే. మగ్గాల షెడ్డుకి సెక్షన్ గీశారా? గుంట మగ్గమేనా?

నీలిగీత: గుంట మగ్గమే సర్. గోతిలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి, పైన ఉత్తరం వైపు తెరిచిన కప్పు. ఏ1 షీటు మీద 1:100లో ఉంది. దాన్నే ఏ4కి కుదించి పెట్టాను.

పాతజ్యూరీ: సగంమంది బోల్తా పడేది అక్కడే. ఏ1ని ఏ4 చేస్తే ప్రతి కొలతా దాదాపు 35 శాతానికి పడిపోతుంది. 2.5 మి.మీ. అక్షరం 0.9 మి.మీ. కూడా ఉండదు, సన్నగీతలు బూడిదలా కలిసిపోతాయి. 1:100 అన్న మాట కూడా అబద్ధమైపోతుంది. అది తీసి, బొమ్మతోపాటు కుదించుకుపోయే స్కేల్ బార్ గీయండి.

షీటంతా కుదించకండి. నాలుగు మగ్గాల మేర కత్తిరించుకుని, ఏ4 కోసమే మళ్లీ సర్దండి. హ్యాచ్‌లు, కొలతలు తీసేసి, కోసిన గోడనీ నేలనీ గోతినీ బాగా లావు గీతతో, వెనక కనబడేవి సన్నగా. ఒకసారి నలుపు తెలుపులో ప్రింట్ తీసి చేయి చాచి పట్టుకోండి. గొయ్యి, మనిషి, వెలుగు వచ్చే దారి కనబడితే చాలు. లైన్ డ్రాయింగుల్ని జేపెగ్‌గా మార్చకుండా నేరుగా పీడీఎఫ్‌కి పంపితే గీత పదును పోదు, మామూలుగా బరువూ తగ్గుతుంది. 10 ఎంబీని తినేసేవి రెండర్లే.

సైట్‌బాబాయ్: నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది టాయిలెట్ డీటెయిల్ చూపించి! రెండర్లు అసలు తిప్పనే లేదు. వర్కింగ్ డ్రాయింగులు ఓ పది వేసెయ్ చెల్లీ.

రంగులపెట్టె: బాబాయ్, ఆ అమ్మాయి అడిగింది ఉద్యోగం గురించి కాదు, సీటు గురించి.

పాతజ్యూరీ: పది వద్దులెండి. ఆ ఉత్తరపు కప్పు అంచున వాన నీళ్లు ఎలా పోతాయో చూపే డీటెయిల్ ఒక్కటి ఉంటే, ఇది నిజంగా కట్టొచ్చని తెలుస్తుంది. మండువా లోగిలి డ్రాయింగులు గుంపుగా చేసినవైతే మీరు గీసినవేవో కింద రాయండి. రాయకపోతే అన్నీ అనుమానంలో పడతాయి.

మెట్లదారి: వరస విషయంలో నేను ఒప్పుకోను. రెండో ఏటి నుంచి మొదలుపెడితేనే మనిషి ఎదిగిన తీరు కనబడుతుంది. పిల్లల్ని తీసుకునేది నేర్చుకుంటారనే కదా?

పాతజ్యూరీ: ఎదుగుదల కనబడేది చివరిదాకా తిప్పితేనే. కట్టలకొద్దీ వస్తాయి, మొదటి రెండు మూడు పేజీలకే ఒక అభిప్రాయం ఏర్పడిపోతుంది. మంచిది ముందు, దాని తర్వాత మంచిది చిట్టచివర.

మెట్లదారి: మీ జ్యూరీ అలా చూస్తుందేమో. నేను పాత పని ముందు పెట్టే పంపాను, ఇంటర్వ్యూలో దాని గురించే అడిగారు.

నీలిగీత: ప్రస్తుతానికి ఇలా వేశాను. చేనేత కేంద్రం 8 పేజీలు, సెక్షన్‌తో మొదలు. హౌసింగ్ 5, మ్యూజియం 2, నేను గీసిన మండువా ప్లాన్, సెక్షన్‌లతో చివర 3. విషయసూచిక 1. మొత్తం 19. మిగిలిన ఒక్క పేజీలో బస్ షెల్టర్ కార్డ్‌బోర్డ్ మోడల్ పెట్టనా?

పాతజ్యూరీ: ఖాళీగా వదిలేయండి.

మెట్లదారి: పెట్టండి!