బీన్స్ పచ్చగా ఉండాలంటే మూత తీయాలా, సోడా వేయాలా?

కడప_వంటిల్లు: పొద్దున బీన్స్ కూర చేసి పిల్లల బాక్స్‌లో పెడితే మధ్యాహ్నానికి పాచిరంగు తిరుగుతోంది. టమోటా వేసి మూతపెట్టి మగ్గిస్తాను. పాలకూర కూడా అంతే. పచ్చగా ఉండాలంటే ఏం చేయాలి?

అనంతపురం_మెస్: చిటికెడు వంటసోడా వేయండి అక్కా. రాత్రి దాకా పచ్చగానే ఉంటాయి. ఇంతకు మించి ఏమీ లేదు.

పుల్లగూర_సంగటి: మా ఇంట్లో గోంగూర ఎప్పుడు చేసినా నల్లబడుతుంది. సోడా వేస్తే పులుపు చస్తుంది. మరి దానికేం చేయాలి?

కర్నూలు_వంటమాస్టర్: గోంగూరకు ఏమీ చేయలేం, దాని పులుపు దానిలోనే ఉంది. అక్క అడిగింది బీన్స్ గురించి. ఆకుపచ్చ రంగు ఇచ్చే పత్రహరితంలో నడుమ మెగ్నీషియం ఉంటుంది. పులుపు, వేడి కలిసి తగిలితే అది ఊడిపోయి ఆ చోట హైడ్రోజన్ చేరుతుంది. అప్పుడే ఆలివ్ రంగు. టమోటా, చింతపండు వేయకపోయినా కాయలో ఎంతోకొంత ఆమ్లం ఉంటుంది, ఉడికేటప్పుడు బయటికొస్తుంది. మూత తీసి ఉంచితే అందులో కొంత ఆవిరితో పోతుంది. మూత పెడితే చెమటలా కారి మళ్లీ కూరలోకే దిగుతుంది.

పావుకిలో బీన్స్‌కు రెండు లీటర్ల నీళ్లు బాగా తెర్లనిచ్చి, ఉప్పు వేసి, అప్పుడు ముక్కలు వేయండి. మూత వద్దు. నాలుగైదు నిమిషాల్లో గోరుతో నొక్కితే కొద్దిగా దిగాలి. వెంటనే వార్చి చన్నీళ్లలో వేయండి, లేకుంటే లోపలి వేడికి ఉడుకుతూనే ఉంటాయి. పాలకూరకైతే ఒక్క నిమిషం చాలు.

రిటైర్డ్_అయ్యవారు: మూత తీస్తే విటమిన్లన్నీ ఆవిరైపోతాయి. ఇది మేము పిల్లలకు చెప్పిన పాఠమే.

కర్నూలు_వంటమాస్టర్: ఆవిరైపోవు సార్. సి విటమిన్ నీళ్లలోకి దిగుతుంది, వేడికి చెడిపోతుంది. వార్చిన నీళ్లు పారబోస్తే నష్టమే, దాన్ని చారులో వాడుకోవచ్చు.

రిటైర్డ్_అయ్యవారు: అంటే పోతాయనే కదా! పైగా పావుకిలోకు రెండు లీటర్లా? మా వీధికి ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలియదు. మళ్లీ చన్నీళ్లు వేరే. మా ఇంట్లో చారెడు నీళ్లు చల్లి మూతపెడతారు.

ధర్మవరం_బోరు: మా బోరు నీళ్లలో ఏమీ వేయకపోయినా పచ్చగానే ఉంటాయి. ఉడకడానికే గంట!

కర్నూలు_వంటమాస్టర్: అలాంటి చవిటి నీళ్లు మరిగితే కొంచెం సోడా గుణం వస్తుంది, అందుకే. సున్నం ఎక్కువున్నా కాయ మెత్తబడదు.

అనంతపురం_మెస్: చూశారా, చివరికి సోడాకే వచ్చారు.

కర్నూలు_వంటమాస్టర్: సోడా వేసిన నీళ్లు చూడు తమ్ముడూ, పచ్చగా తిరుగుతాయి. రంగు కాయలో నుంచి నీళ్లలోకి కరిగిపోతోందని అర్థం. కాయ పైపొర జిగటగా అవుతుంది, వేలితో తాకితే జారుతుంది. పెళ్లిలో అలాంటి బీన్స్ పెడితే ముద్దకూర అంటారు. బి1, సి విటమిన్లూ దెబ్బతింటాయి.

అనంతపురం_మెస్: మీకు పెళ్లిలో ఒక్కపూట వంట. వడ్డించే ముందు పోపులో తిప్పుతారు, అయిపోతుంది. నేను పదకొండింటికి వండితే మూడింటి దాకా హాట్‌బాక్స్‌లో ఉండాలి. రంగు తిరిగితే జనం "నిన్నటి కూర" అంటారు. ఒకాయన అందరి ముందూ ప్లేటు తోసేసి డబ్బులివ్వకుండా లేచిపోయాడు. ఆ కూర ఆ పొద్దున చేసిందే! అప్పటినుంచే సోడా వేస్తున్నా. నన్ను మోసగాణ్ణంటారా?

కర్నూలు_వంటమాస్టర్: మోసమనలేదు. కొంచెం కొంచెంగా పోపు వేసుకోమంటున్నా.

అనంతపురం_మెస్: ఆ మనిషికి జీతం మీరిస్తారా?

రిటైర్డ్_అయ్యవారు: అసలు పచ్చగానే ఎందుకుండాలి? రాయలసీమలో పుల్లగూర ఎప్పుడైనా పచ్చగా ఉందా? చింతపండేసి ఎనిపితే ఆ రంగే వస్తుంది, సంగటిలోకి అదే రుచి. ఇప్పుడంతా ఫోటోల కోసం వండుతున్నారు.

కడప_వంటిల్లు: ఫోటో కోసం కాదు సార్. రంగు చూసి మా చిన్నోడు బాక్స్ తెరవకుండా తెస్తున్నాడు.

కర్నూలు_వంటమాస్టర్: అయితే అక్కా, టమోటా మానండి లేదా విడిగా మగ్గించి పప్పులో వేయండి. చన్నీళ్లలో తీసిన బీన్స్‌ను బట్ట మీద ఆరబెట్టి, పోపులో రెండు నిమిషాలు తిప్పి, పళ్లెంలో పరిచి చల్లార్చాకే బాక్స్‌లో పెట్టండి. వేడిగా మూసేస్తే లోపల అదే పని జరుగుతుంది. నిమ్మరసం కావాలంటే తినేటప్పుడు పిండుకోవాలి. ఇలా చేసినా పొద్దుటి రంగు మొత్తం నిలవదు, కొంచెం తగ్గుతుంది.

పుల్లగూర_సంగటి: గోంగూర గురించి ఇంకెవరైనా చెప్తారా?

రిటైర్డ్_అయ్యవారు: నల్లగానే తినండి.

అనంతపురం_మెస్: ఈ ఆరబెట్టడాలు ఇంట్లో సరే. మెస్‌కు వచ్చి ఒక మధ్యాహ్నం నిలబడండి మాస్టరూ, అప్పుడు మాట్లాడదాం.