తాతయ్య ఉత్తరంలో ‘పీపీ’ తర్వాత ఏ అక్షరం?

గట్టుమీద: ఇంట్లోకి ఫోను వచ్చాక రోజులు ఎలా మారాయో మా తాతయ్య 1996లో నాకు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అందులో ఒక వాక్యం దగ్గర ఆగిపోతున్నాను: “మీ నాన్న పుట్టిన కబురు విశాఖలో అన్నయ్యకు పీపీ... చేయించాను.” మడత మీద సిరా పోయి ఒక అక్షరం చెరిగింది. ‘కి’నా, ‘లో’నా?

శుభలేఖ: ‘కి’ అండీ, అనుమానమే లేదు. శుభలేఖల్లో ఫోను నంబరు పక్కన పీపీ అని వేసేవాళ్లు కదా, పక్కింటి ఫోను అని. మా అమ్మ ‘పక్కింటి పిలుపు’ అనేది. ఆ రెండు ‘ప’లే పీపీ అయ్యాయని నా నమ్మకం.

ట్రంకుబోర్డు: అమ్మగారి మాట చాలా బాగుంది కానీ, అది తర్వాత పుట్టింది. నేను ఆపరేటరుగా పనిచేశాను. పీపీ అంటే పర్టిక్యులర్ పర్సన్. కాల్ బుక్ చేసేటప్పుడే ఫలానా మనిషి కావాలని పేరు చెప్పాలి. ఆ మనిషి లైన్లోకి వచ్చాకే మేం మూడు నిమిషాల లెక్క మొదలుపెట్టేవాళ్లం. అందుకు అదనంగా కొంత కట్టాలి. ఫోను పక్కింట్లో ఉంటే పిలుచుకొచ్చేదాకా సమయం పోతుంది కాబట్టి అలాంటి ఇళ్లకు పీపీయే బుక్ చేసేవాళ్లు. పక్కింటి నంబరుకు ఆ పేరు అలాగే అంటుకుందని నేననుకుంటాను. మా వాడుకలో ‘పీపీ చేయించాను’ అంటే చాలు, మధ్యలో అక్షరమే అక్కర్లేదు.

మిల్లువీధి: మా వీధికంతటికీ రైసుమిల్లు ఫోనే. మిల్లు కుర్రాడు పరుగున వస్తే మా నాయనమ్మ విషయం వినకముందే ఏడ్చేది. ఫోనంటే చావు కబురే అని టెన్షన్. పుట్టిన కబురుకు ఫోను చేశారంటే మీ తాతయ్యది ఎంత సంతోషమో!

వ్యాకరణాభిమాని: అందరూ ‘కబురు’ను వదిలేశారు. ‘కబురు చేయడం’ తెలుగులో ఒక్క క్రియ. ఇక్కడ చేయించింది కబురు, పీపీ కాదు. అప్పుడు పీపీకి విభక్తి ఉండాల్సిందే. ‘అన్నయ్యకు’ అని ముందే ఉంది కాబట్టి మళ్లీ ‘కి’ పొసగదు. ‘పీపీలో’ అనే చదవాలి.

శుభలేఖ: ‘అన్నయ్యకు ఆఫీసుకి ఫోను చేశాను’ అనమా? రెండూ పొసుగుతాయి.

తపాలాపెట్టె: తిలక్ తపాలా బంట్రోతు మీద కవిత రాశాడు. ఆపరేటరు మీద కూడా రాసి ఉంటే ఎంత బాగుండేది!

ట్రంకుబోర్డు: నాకూ తిలక్ అంటే ప్రాణం. మేం మోసింది గొంతులనండీ, ఉత్తరాల్లా దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

గట్టుమీద: కాగితం కిటికీకి అడ్డంగా పెట్టి చూశాను. పైన చిన్న వంపు కనిపిస్తోంది. అంటే అక్షరం ఉంది. అది గుడో, ఓత్వమో తేలడం లేదు.

వ్యాకరణాభిమాని: మూడో పేజీలో ఆయన ‘లో’ ఎలా రాశారో ఫోటో పెట్టండి. ఓత్వం తోక ఎటు తిప్పేవారో చూద్దాం.