'కడదాకా మీతోనే': ఆసుపత్రి హోర్డింగులో తప్పెవరిది?

బైరాగిపట్టెడ వాసి: తిరుచానూరు రోడ్డులో ఒక ఆసుపత్రి హోర్డింగు పెట్టారు. ఇంగ్లీషులో 'విత్ యూ ఆల్ ద వే', కింద తెలుగులో 'కడదాకా మీతోనే'. ఆటోల్లో పోయేవాళ్లు చదివి నవ్వుతున్నారు. రాసినవాడికి తెలుగు రాదా?

పుంగనూరు టీచరమ్మ: అనువాదం సరిగ్గానే ఉంది. శుభలేఖలో 'కడదాకా తోడుగా' అని వేస్తే ఎవరూ నవ్వరే!

లైన్ల రాతగాడు: మేడమ్, చిక్కంతా అక్కడే ఉంది. పెళ్లిలో ఆ మాట వింటే నూరేళ్ల కాపురం గుర్తొస్తుంది. మంచం మీద రోగి బొమ్మ పక్కన చదివితే కడసారి చూపు గుర్తొస్తుంది. నేను ఏజెన్సీలకు తెలుగు లైన్లు రాస్తాను. మన లైనును ఇంకొకరికిచ్చి తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి చూస్తారు. ఈ లైను ఆ పరీక్షలో సులువుగా పాసవుతుంది, ఎందుకంటే అర్థం సరిపోయింది. తేడా బయటపడాలంటే ఇంగ్లీషు చూడని నలుగురికి బొమ్మతో సహా చూపించి, 'ఏమనిపిస్తోంది?' అని అడగాలి.

పలమనేరు పిల్లోడు: మన యాసలో 'మీ కాడే ఉంటాం' అని రాసుంటే గొడవే లేదు.

లైన్ల రాతగాడు: అదే బోర్డు నెల్లూరులోనూ పెడతారు తమ్ముడూ. పైగా ఆపరేషన్ చేసే చోట జనం యాస కన్నా మర్యాద చూస్తారు.

ఫ్లెక్సు అన్న: మా షాపులో వేరే బాధ. అను ఫాంటులో టైపు చేసింది ఇంకో సిస్టంలో తెరిస్తే ఒత్తులు చెదిరిపోతాయి. తిట్లు మాత్రం మాకే.

పుంగనూరు టీచరమ్మ: దానికీ దీనికీ ఏం సంబంధమండీ? ఎల్‌ఐసీ వాళ్లు 'జిందగీ కే సాథ్ భీ, జిందగీ కే బాద్ భీ' అని నేరుగా చావు తర్వాత మాటే చెప్పారు. ఎవరైనా నవ్వారా?

లైన్ల రాతగాడు: బీమా కట్టేదే మన తర్వాత ఇంట్లోవాళ్ల కోసం. ఆసుపత్రికి పోయేది బతికి రావడానికి.

బైరాగిపట్టెడ వాసి: ఇంత తెలిసినవాళ్లు ముందే సరిగ్గా రాయొచ్చు కదా? ఇదీ మీలాంటోళ్లు రాసిందేగా!

లైన్ల రాతగాడు: ఎలా రాయమంటారు సార్? నాకు ఎక్సెల్ షీటు పంపుతారు. బొమ్మ ఉండదు, ఎక్కడ పెడతారో చెప్పరు, 'అర్థం మార్చొద్దు' అని మాత్రం ఉంటుంది. పదానికింత అని లెక్కగట్టి, రెండు పదాల లైనుకు రెండు పదాల డబ్బే ఇస్తారు. ఆ రెండు పదాలకు ఒక పూట కూర్చోవాలి. మూడు రకాలుగా రాసి, ఏది ఎందుకో పక్కన చెప్పాలి. నాకు వదిలేస్తే 'ఇంటికి చేరేదాకా మీ వెంటే' అంటాను.

పుంగనూరు టీచరమ్మ: ఇంగ్లీషులో ఇల్లు లేదు. లేని మాట చేర్చే హక్కు మీకెవరిచ్చారు? మనిషి ఇంటికి రాకపోతే ఆ బోర్డు చూసిన బంధువులకు ఎలా ఉంటుంది?

లైన్ల రాతగాడు: ఆ భయం న్యాయమైనదే. లైను పక్కన అదీ రాసిస్తాను, ఆసుపత్రివాళ్లు తేల్చుకోవాలి. మాట చేర్చే హక్కు లేకపోతే మాత్రం ఈ పని ఎవరూ చేయలేరు.

బైరాగిపట్టెడ వాసి: బోర్డు మీద నంబరుంది, రేపు ఫోన్ చేస్తా. ఏం మార్చమనాలి?

పుంగనూరు టీచరమ్మ: 'ఎప్పుడూ మీ వెంటే' చాలు.

లైన్ల రాతగాడు: అది బ్యాంకుకూ సరిపోతుంది, సిమ్ కార్డుకూ సరిపోతుంది. అందులో ఆసుపత్రి ఎక్కడుంది మేడమ్?